అబిగయీలు ఐదొందల మాటలు

మా కాలేజీలో పిల్లలు నా వెనక నన్ను కత్తెర మేడమ్ అంటారు. అసలు పేరు ఉషారాణి. ఇరవై రెండేళ్లుగా నెల్లూరులో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. ఆ పేరు ఎప్పుడు పడిందో తెలియదు గానీ, చెవిన పడ్డప్పుడల్లా లోలోపల కాస్త గర్వపడేదాన్ని. పెద్ద యూనివర్సిటీలకు దరఖాస్తు పెట్టేవాళ్లు తమ గురించి తాము రాసి పంపాల్సిన వ్యాసం ఒకటుంటుంది. పర్సనల్ స్టేట్‌మెంట్ అంటారు. నువ్వెవరు, ఈ చదువే ఎందుకు కావాలి, ఐదొందల మాటలు మించకుండా చెప్పు అంటారు. మన పిల్లలు వెయ్యికి తక్కువ రాయరు. ఆ మిగతా ఐదొందలు కోయడం నా పని.

ఈ పని ఊళ్లో కన్సల్టెన్సీలూ చేస్తాయి. వాళ్లు కోయరు, మొత్తం తిరగరాసి ఇస్తారు. అవి చదివితే కావలి పిల్లా, గూడూరు పిల్లాడూ ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే రోజు సైన్సు మీద మక్కువ పెంచుకున్నారనిపిస్తుంది. నేనట్లా చేయను. నా మాట ఒక్కటి కూడా చేర్చను. అక్కర్లేనిది కొట్టేస్తాను, అర్థం కానిది అడుగుతాను, రాయాల్సింది వాళ్ల చేతే రాయిస్తాను. ఈ నియమం మంచిదని ఇప్పటికీ అనుకుంటున్నాను. మైపాడులో జరిగినదానికి తప్పు నియమానిది కాదు, నాది.

అబిగయీలు ఆఖరు సంవత్సరం బీయస్సీ. మైపాడు నుంచి రోజూ బస్సులో వచ్చేది. వాళ్ల నాన్న క్రీస్తురాజుకు ఫైబరు పడవ ఒకటుండేది. రెండేళ్ల కిందట నవంబరులో ఆ పడవ మీద వేటకు వెళ్లిన అన్న సుశీల్ తిరిగి రాలేదు. ఈ సంగతి కాలేజీ అంతటికీ తెలుసు, అప్పట్లో చందాలు కూడా వేసుకున్నాం. ఢిల్లీ దగ్గర ఒక ప్రైవేటు యూనివర్సిటీలో తుఫానుల మీద, తీరప్రాంతాల మీద రెండేళ్ల కోర్సు ఉందనీ, ఎంపికైతే ఖర్చంతా వాళ్లే పెట్టుకుంటారనీ ఎక్కడో చదివి, జనవరిలో నా దగ్గరికొచ్చింది. చేతిలో నాలుగు కాగితాలు. కంప్యూటర్లో లెక్కపెడితే పదకొండొందల నలభై మాటలు.

చదవడం మొదలుపెట్టగానే నాకు నవ్వొచ్చింది. ప్రభువు నామంలో అందరికీ వందనాలు అని మొదలుపెట్టింది. ఆ తర్వాత తల్లిదండ్రులకు, వాళ్ల సంఘం పాస్టరు జడ్సన్ అయ్యగారికి, సండేస్కూలు టీచర్లకు, మా ప్రిన్సిపాలుకు, చివర్లో నాకు కృతజ్ఞతలు. ఇదేమిటమ్మా అంటే, సాక్ష్యం చెప్పేటప్పుడు ముందు వందనాలు చెప్పాలి కదా మేడమ్ అంది. వాళ్ల చర్చిలో ఎవరికైనా మేలు జరిగితే అందరి ముందు నిలబడి దాన్ని చెప్పుకుంటారు, దాన్నే సాక్ష్యం అంటారు. తన గురించి తాను చెప్పుకోవడమంటే ఆ పిల్లకు తెలిసిన పద్ధతి అదొక్కటే. నేను నవ్వుతూనే రెండొందల పది మాటలు కొట్టేశాను.

పదో తరగతి నుంచి వచ్చిన మార్కులన్నీ వరసగా రాసింది. మార్కుల జాబితా ఎట్లాగూ జత చేస్తున్నాం, మళ్లీ ఎందుకని అవీ కొట్టేశాను. యూనివర్సిటీని పొగుడుతూ వాళ్ల వెబ్‌సైటులోని మాటలే ఎత్తి రాసింది. వాళ్ల మాటలు వాళ్లకే అప్పజెప్పడం దేనికని అవీ తీసేశాను. మనిషన్నవాడు ప్రకృతిని కాపాడుకోవాలి అనే పేరా ఒకటి. ఇది మా పక్కింటాయన కూడా రాయగలడు, నువ్వు మాత్రమే రాయగలిగింది ఉంచు అన్నాను. పిల్ల కాస్త బిక్కమొహం వేసింది గానీ, ఏది ఎందుకు పోతోందో రెండో పేజీకల్లా పట్టుకుంది. మూడో పేజీలో తనే పెన్ను తీసుకుని కొట్టింది.

మిగిలినవాటిలో మంచి వాక్యాలున్నాయి. వాళ్ల నాన్న దగ్గర మామూలు బటన్ ఫోను. వాతావరణం మెసేజీలు, పడవల వాళ్ల గ్రూపులో వచ్చేవి, ఆ పిల్ల ఫోనుకు వచ్చేవి. సాయంత్రం తిన్నె మీద కూచుని వీధి మొత్తానికి చదివి వినిపించేది. "ఆ నెలలో సముద్రం ఏమీ ఎరగనట్టు ఉంది" అని ఇంగ్లీషులో రాసింది. ఇంగ్లీషువాడెవడూ అట్లా రాయడు. అందుకే దాన్ని ముట్టుకోలేదు.

కానీ నడిమధ్యలో ఒక పేరా నాకు మింగుడు పడలేదు. మెసేజి మాకు చేరలేదు, మా అన్న వేటకు వెళ్లాడు, దేవుని చిత్తం అని మూడు వాక్యాలు. ఎవరికి చేరలేదు, ఎందుకు చేరలేదు? మెసేజి రాకపోవడమే సమస్య అయితే నువ్వు చదవాల్సింది టవర్ల గురించి గదా, తుఫానుల గురించి దేనికి? అయితే సరిగ్గా చెప్పు, లేకపోతే కొట్టెయ్ అన్నాను. ఏ పిల్లనైనా అట్లాగే అడుగుతాను. అబిగయీలు కాగితాలు సర్దుకుని, బస్సు వేళయిందని వెళ్లిపోయింది.

వారం తర్వాత ఆ మూడు వాక్యాల చోట కొత్త పేరా రాసుకొచ్చింది. తొంభై మాటలు. తెలుగులో చెప్పాలంటే ఇది:

"మెసేజి వచ్చింది. నాకే వచ్చింది. ఆ నెలలో అంతకుముందు మూడుసార్లు వేటకు వెళ్లొద్దని వచ్చింది, మూడుసార్లూ చదివాను, మూడుసార్లూ గాలి రాలేదు. వీధిలో అందరూ నవ్వారు. నాలుగోసారి చూసి ఫోను బోర్లా పెట్టి రికార్డు రాసుకున్నాను. తెల్లవారుజామున నా అన్న సుశీల్ కుమార్ వెళ్లాడు. మెసేజి రాలేదని మా అమ్మ ఇప్పటికీ అందరికీ చెబుతుంది. నేను పక్కనే నిలబడి వింటాను. హెచ్చరిక తప్పయినప్పుడు జనం ఏమవుతారో, తర్వాతి హెచ్చరికను ఎందుకు నమ్మరో నాకు తెలియాలి."

నిజం చెబుతున్నాను, చదవగానే నాకు కలిగింది సంతోషం. జాలి ఆ తర్వాత వచ్చింది. ఇరవై రెండేళ్లలో ఇట్లాంటి పేరా నా బల్ల మీదికి రాలేదు. ఆ చదువు ఆ పిల్లకే ఎందుకు కావాలో ఇందులో ఉంది. నిజమేనా అని అడిగాను. తలూపింది. అయితే దీన్ని మొదటికి తెచ్చెయ్, మిగతా ఆరొందలూ దీని కోసం పోనీ అన్నాను. ఇంట్లో తెలుసా అని నేను అడగలేదు. అడగాలని తోచనే లేదు.

తర్వాతి పది రోజులూ కోతలే. రెండుసార్లు చెప్పినవి ఒకసారి చేశాం. "అని నేను భావిస్తున్నాను" లాంటివి ఏరిపారేశాం. కంప్యూటర్లో సరిగ్గా ఐదొందలకు దించి యూనివర్సిటీ ఫారంలో అతికిస్తే ఐదొందల మూడని చూపించి, చివరి మూడు మాటలు తినేసింది. రెండు పక్కలా ఖాళీ వదిలి పెట్టిన అడ్డగీతల్ని కూడా ఆ ఫారం మాటలుగా లెక్కేస్తోంది. గీతలు తీసి కామాలు పెట్టి, ఇంకో మాట తగ్గించి, నాలుగొందల తొంభై తొమ్మిది చేశాం. గడువు ఆదివారం సాయంత్రం ఐదు గంటలు. శనివారమే పంపేద్దామంటే, ఆదివారం ప్రార్థన అయ్యాక పంపుతాను మేడమ్ అంది.

వాళ్ల సంఘంలో అదొక ఆనవాయితీ. పిల్లలు పై చదువుకు దరఖాస్తు పెట్టినా, ఉద్యోగానికి పెట్టినా, ఆ కాగితం ముందు ఇంట్లో బల్ల మీద పెడతారు. అయ్యగారు వచ్చి అందులో ఏముందో అందరికీ తెలుగులో చెబుతాడు. తర్వాత దాని మీద చేతులుంచి ప్రార్థిస్తారు. ఫారం ఫోనులో సరిగ్గా తెరుచుకోవడం లేదు కాబట్టి నన్ను లాప్‌టాప్‌తో రమ్మంది. నాకూ వెళ్లాలనిపించింది. నా చేతిపని పదిమంది ముందు చదువుతారంటే ఎవరికి ఇష్టముండదు?

మధ్యాహ్నం మూడుకు మైపాడు చేరాను. ముందు గదిలో పదిహేనుమంది దాకా చాపల మీద కూర్చున్నారు. గోడకు సుశీల్ ఫోటో. అబిగయీలు తల్లి జయశీల నా చేయి పట్టుకుని, "మా బిడ్డకి దారి చూపించినారు మేడమ్" అంది. కాఫీ ఇచ్చింది. మాటల్లో మాటగా, ఆ రోజు మెసేజి రాకపోవడం వల్లే కొడుకు పోయాడని నాకు కూడా చెప్పింది. గవర్నమెంటోళ్లు అందరికీ పంపినామని రాసుకున్నారంట, మావరకు రాలేదంది. క్రీస్తురాజు ఆ మాటే అర్జీల్లో రాయించి రెండేళ్లుగా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడట. అబిగయీలు పక్కనే నిలబడి వింటోంది. అప్పుడైనా నాకు అర్థం కావాల్సింది. కాఫీ బాగుందన్నాను.

పాటయ్యాక జడ్సన్ అయ్యగారు బల్ల మీది కాగితాలు చేతిలోకి తీసుకున్నాడు. చూస్తే నాలుగు పేజీలు. ప్రభువు నామంలో వందనాలు అని మొదలయ్యే పాతది, కొట్టివేతలు పడని కాపీ. పొరపాటున అది పెట్టిందనుకున్నాను. ఆ చెత్తంతా నేను దిద్ది పంపానని వీళ్లనుకుంటే ఎట్లా అని కూడా అనుకున్నాను, దాచడం దేనికి. బ్యాగులోంచి కొత్తది తీసి లేచి ఆయన చేతిలో పెట్టాను.

"అయ్యగారూ, అది పాతదండీ. పంపేది ఇదీ" అన్నాను.

అబిగయీలు నా వైపు చూసింది. సిగ్గుపడుతోందనుకున్నాను.

జడ్సన్ అయ్యగారు బయటినుంచి వచ్చే ప్రసంగీకులకు తర్జుమా చేసే మనిషి. ఇంగ్లీషు వాక్యం చెవిన పడగానే తెలుగు వాక్యం గొంతులోంచి వచ్చేస్తుంది, మధ్యలో ఆలోచన ఉండదు. కాగితం కూడా అట్లాగే చదివాడు. "మెసేజి వచ్చింది" అన్నాడు. "అది నాకే వచ్చింది" అన్నాడు. మూడుసార్లు చదివాను, నాలుగోసారి ఫోను బోర్లా పెట్టాను, అన్న వెళ్లాడు, అన్నీ గట్టిగా, స్పష్టంగా, ఆరాధనలో చెప్పినట్టే చెప్పాడు. "మెసేజి రాలేదని మా అమ్మ ఇప్పటికీ అందరికీ చెబుతుంది. నేను పక్కనే నిలబడి వింటాను." అక్కడికొచ్చాక తను ఏం చదువుతున్నాడో ఆయనకు తెలిసింది. కాగితం దించేశాడు.

పాత కాగితం పొరపాటున పెట్టలేదని, తల్లి కోసం పెట్టిందని అప్పటికి గానీ నా బుర్రకెక్కలేదు. ఆ పిల్ల నిజం చెప్పడానికి ఒకే ఒక్క చోటు ఎంచుకుంది. ఇల్లు చదవని భాషలో, ఇంటికి వెయ్యిమైళ్ల దూరంలో ఉన్నవాళ్లకు చెప్పుకుంది. నేను దాన్ని తెచ్చి తల్లి ముందు గట్టిగా చదివించాను.

క్రీస్తురాజు కూతురి వైపు తిరిగాడు.

"రెండేండ్లు నాచేత ఆఫీసుల్లో అబద్ధం చెప్పించినావా?" అన్నాడు.

ఆయన లేచి చొక్కా సర్దుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్లిపోయాడు. వెనకాలే ఇద్దరు మగవాళ్లు వెళ్లారు. తక్కినవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. అయ్యగారు మాత్రం ఉండిపోయి, నా దగ్గరికొచ్చి, పాతదే పంపేద్దాం మేడమ్, ఎవరికీ ఇబ్బంది ఉండదు అని గొంతు తగ్గించి అన్నాడు. అది పదకొండొందల నలభై మాటలండీ, ఐదొందల దగ్గర ఫారం నరికేస్తుంది, మిగిలినదాంట్లో సగం వందనాలూ మార్కులే ఉంటాయని చెప్పాను. ఆ సమయంలో నా నోటి నుంచి లెక్కలు వస్తున్నాయి. నాకే అసహ్యం వేసింది.

గంట నాలుగుంబావు అయింది. జయశీల గోడకానుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు. నేను లాప్‌టాప్ తెరిచి అబిగయీలు పక్కన కూర్చున్నాను. ఆ తొంభై మాటలు తీసేస్తే మిగిలినదానికి తలా తోకా ఉండదు. రెండు నిమిషాల్లో నేనే ఏదో ఒకటి రాస్తాను, మెసేజి చేరలేదనే రాద్దాం, ఆ చోటికి సరిపోయేట్టు కూర్చి ఇస్తాను అన్నాను. ఇరవై రెండేళ్లుగా చేయనని చెప్పుకున్న పని అది. ఆ పూట చేతులు జోడించి మరీ చేసేదాన్ని.

"మీ మాటలు వద్దు మేడమ్" అంది అబిగయీలు.

అప్పుడు జయశీల నోరు తెరిచింది. కూతుర్ని కాదు, నన్ను అడిగింది. ఆ కాగితంలో సుశీల్ పేరు ఉందా అని. ఉందన్నాను. ఎన్నిచోట్ల అంది. మూడు అన్నాను.

"తీసెయ్యమని చెప్పండి. అన్న అని కూడా రాయొద్దని చెప్పండి. నా బిడ్డని చూపించి అది సీటు అడుక్కోవద్దు."

పక్కనే ఉన్న కూతురికి నా చేత చెప్పించబోయింది. నేను చెప్పలేకపోయాను. చెప్పాల్సిన పని కూడా లేకపోయింది, అబిగయీలు అప్పటికే లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది.

"నా అన్న సుశీల్ కుమార్" అని ఇంగ్లీషులో నాలుగు మాటలు. వాటిని తీసేసి "మా ఊరి జాలరి ఒకతను" అనే అర్థం వచ్చేట్టు ఐదు మాటలు కొట్టింది. తక్కిన రెండుచోట్లా పేరు తీసి "అతను" అని పెట్టింది. అక్కడితో ఆగుతుందనుకున్నాను. మెసేజి రాలేదని మా అమ్మ చెబుతుంది అనే వాక్యం దగ్గరికి వెళ్లింది. "మా అమ్మ" తీసేసి "అతని అమ్మ" అని రాసింది. నేను పక్కనుండి చూస్తున్నాను. చెయ్యి పట్టుకుని ఆపాలనిపించింది. ఆపి ఏం రాయమనాలో తెలియలేదు. "నేను పక్కనే నిలబడి వింటాను" అనేదాన్ని అట్లాగే ఉంచేసింది.

ఫారంలో అతికించింది. కింద అంకె సరిగ్గా ఐదొందలు చూపించింది. నాలుగు నలభైకి పంపేసింది.

నెల్లూరుకు తిరిగొస్తూ ఆటోలో నేను ఏడ్చాను. లెక్కలో ఒక మాట కూడా తగ్గలేదు, కథ కూడా పోలేదు, ఆ పిల్ల గొంతు కూడా పోలేదు. అయినా ఆ కాగితంలో ఆ పిల్లకు అన్న లేడు, అమ్మ లేదు. నా పద్ధతి ప్రకారం అందులో ఒక్క తప్పూ ఎంచలేం. ఎవరైనా నా చేతిలో కాగితం పెట్టి చూడమంటే, చాలా బాగుందని మార్జిన్లో రాసేదాన్ని.

ఆ తర్వాత అబిగయీలు కాలేజీకి వచ్చింది గానీ నా గదికి రాలేదు. నేనే పిలిచి క్షమించమని అడిగాను. మీరేం చేసినారు మేడమ్, ఉన్నదే చదివించినారు అంది. ఇంట్లో ఎట్లా ఉందని అడిగితే, నాన్న అర్జీలన్నీ వెనక్కి తీసుకున్నాడనీ, ఎందుకని ఆఫీసువాళ్లు అడిగితే ఏమీ చెప్పలేదనీ చెప్పింది. అమ్మ అన్నం వడ్డించి పక్కన పెట్టి వెళ్తుందట, తినమని అనదట. వీధిలో ఇప్పుడు మెసేజీలు వేరే అమ్మాయి చదువుతోందట.

మార్చిలో ఇంటర్వ్యూ జరిగింది, ఏప్రిల్లో సీటొచ్చింది. ఖర్చంతా వాళ్లదే. మా ప్రిన్సిపాలు నోటీసు బోర్డులో ఫోటో పెట్టించి, నన్ను కూడా పొగిడాడు. ఆ రోజు సాయంత్రం అబిగయీలు ఫోన్ చేసింది. అభినందనలు చెప్పి, ఇంటర్వ్యూలో ఏం అడిగారో ఇన్నాళ్లూ చెప్పలేదేమని అన్నాను. తుఫానుల గురించి కాస్త అడిగారనీ, లెక్కల గురించి కాస్త అడిగారనీ చెప్పింది.

"ఆ జాలరి నీకేమవుతాడని ఒక ప్రొఫెసర్ మేడమ్ అడిగింది. ఎరిగినతనే అని చెప్పినాను."

ఎందుకమ్మా, అక్కడైనా చెప్పొచ్చు కదా అన్నాను. ఇంటర్వ్యూ ఇంట్లోనే కూర్చుని ఫోనులో ఇచ్చిందట. తల్లి అదే గదిలో చేపలు ఆరేసే వల బాగు చేసుకుంటోందట. ఆమెకు ఇంగ్లీషు రాదు కదా అన్నాను.

"బ్రదర్ అంటే తెలుసు మేడమ్. చర్చిలో మగోళ్లందరినీ అట్నే పిలుస్తారు గదా" అంది.